రెండు రేఖలు, నాలుగు ఆప్షన్లు, ఒక సున్నా

గదిలో కూర్చుని ఒకసారి ఎదురుగా చూడండి. ఎదుటి గోడ పైకప్పును కలిసే చోట ఒక అంచు కనిపిస్తుంది. ఇప్పుడు కుడివైపు కిందికి చూడండి. కుడి గోడ నేలను కలిసే చోట ఇంకో అంచు ఉంటుంది. ఈ రెండు అంచుల్నీ ఎటు ఎంత పొడిగించినా అవి ఒకదాన్నొకటి తాకవు. అలాగని సమాంతరంగానూ ఉండవు. కాగితం మీద గీసే గీతలకు ఈ స్థితి రాదు, అక్కడ సమాంతరం కానివి ఎక్కడో ఒకచోట కలిసి తీరతాయి. మూడో కొలత వచ్చాకే కలవని, సమాంతరమూ కాని గీతలు పుడతాయి.

ఈ రెండు అంచులకీ లంబంగా ఉంటూ రెండింటినీ తాకే గీత ఒకే ఒక్కటి. ఎదుటి గోడా కుడి గోడా కలిసే మూల అది. సీలింగ్ ఫ్యాన్ రాడ్డు కూడా నిట్టనిలువే, రెండు అంచులకీ లంబమే, కానీ రెండింటిలో దేన్నీ తాకదు. ఎదుటి గోడ మధ్యలో పైనుంచి కిందికి పెన్సిల్‌తో ఒక గీత గీస్తే అది పై అంచును తాకుతుంది, కింది అంచు జోలికి పోదు. మూల, రాడ్డు, పెన్సిల్ గీత మూడింటి దిశా ఒకటే. తేడా అంతా అవి ఎక్కడ ఉన్నాయన్న దాంట్లోనే ఉంది.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో త్రీడీ ప్రశ్నలు వేసేవాళ్లకు ఈ తేడా బాగా ఇష్టం. 2019 మొదటి పేపర్లో ఇలాంటి ప్రశ్నే ఇచ్చారు: రెండు రేఖలకీ లంబంగా ఉంటూ రెండింటినీ ఖండించే మూడో రేఖను ఆప్షన్లలో గుర్తించాలి. నాలుగు ఆప్షన్లలోనూ దిశ ఒకటే. దిశ కనుక్కోగానే పని అయిపోయిందనుకున్నవాళ్లు నాలుగూ టిక్కు పెట్టేయొచ్చు. నిజానికి మూడే సరైనవి. నాలుగోది ఒక రేఖను మాత్రమే తాకుతుంది. అది పెన్సిల్ గీత అన్నమాట.

ఒకటి కంటే ఎక్కువ ఆప్షన్లు సరైనవి కావచ్చనే ప్రశ్నల్లో మార్కుల లెక్క కూడా కఠినమే. ఈమధ్య సంవత్సరాల పద్ధతి ప్రకారం సరైనవన్నీ గుర్తిస్తే 4 మార్కులు. రెండు సరైనవి ఉన్నప్పుడు ఒక్కటే గుర్తించి వదిలేస్తే 1. ఒక్క తప్పు ఆప్షన్ కలిపినా ఉన్నవన్నీ పోయి మైనస్ 2. అందువల్ల ప్రతి ఆప్షన్‌నూ విడిగా పట్టుకుని ఇది నిలుస్తుందా లేదా అని తేల్చుకోవాలి. చాలామంది మొదట రేఖ సమీకరణం మొత్తం తామే కట్టి, ఆ తర్వాత ఆప్షన్లతో పోలుస్తారు. అక్కడే చిక్కు వస్తుంది. ఒకే రేఖను వందరకాలుగా రాయొచ్చు, మనం కట్టిన రూపం ఏ ఆప్షన్‌లోనూ కనిపించకపోవచ్చు. నన్నడిగితే ఇలాంటి ప్రశ్నలో రేఖను కనుక్కునే పనే పెట్టుకోకూడదు. ఆప్షన్లను పరీక్షిస్తే చాలు. ఆ పరీక్షకు డాట్ ప్రోడక్ట్, క్రాస్ ప్రోడక్ట్ రెండూ సరిపోతాయి.

ఒక లెక్క పెట్టుకుని చూద్దాం. మొదటి రేఖ L1, (1, 1, 0) బిందువు గుండా (1, 2, 1) దిశలో పోతోంది. రెండో రేఖ L2, (6, 2, 2) గుండా (2, 1, −1) దిశలో పోతోంది. రెండింటికీ లంబంగా ఉంటూ రెండింటినీ ఖండించే రేఖ L3. కింది వాటిలో ఏవి L3 ని సూచిస్తాయి?

ఎ: (2, 3, 1) + t(1, 1, 1)
బి: (3, 2, 2) + t(−2, 2, −2)
సి: (1, 1, 0) + t(1, −1, 1)
డి: (6, −1, 5) + t(1, −1, 1)

ప్రతి ఆప్షన్‌లోనూ ముందున్నది ఆ రేఖ మీది ఒక బిందువు. t తో గుణించి ఉన్నది దాని దిశ. ప్రతి ఆప్షన్‌నూ మనం అడగాల్సినవి మూడే: నీ దిశ రెండు రేఖలకీ లంబమేనా? నువ్వు L1 ని తాకుతావా? L2 ని తాకుతావా?

దిశ సంగతి డాట్ ప్రోడక్ట్ చెప్పేస్తుంది. రెండు వెక్టర్ల అంశాల్ని వరసగా గుణించి కూడితే సున్నా వస్తే అవి లంబాలు. ఎ ఆప్షన్ దిశ (1, 1, 1). దీన్ని L1 దిశతో గుణిస్తే 1 + 2 + 1 = 4. సున్నా కాదు కాబట్టి ఎ పోయింది. దాని బిందువు ఎక్కడుందో చూడక్కర్లేదు. సి, డి ల దిశ (1, −1, 1). L1 తో 1 − 2 + 1 = 0, L2 తో 2 − 1 − 1 = 0. రెండూ చూడాల్సిందే, ఒక్కదానితో సున్నా వస్తే చాలదు. (2, −1, 0) కూడా L1 దిశకు లంబమే, కానీ L2 దిశతో దాని డాట్ 3 వస్తుంది.

బి దిశ (−2, 2, −2) చూసి వెనకాడేవాళ్లు క్లాసులో ఎప్పుడూ ఉంటారు. "సార్, గుర్తులు తిరగబడ్డాయి కదా, ఇది వేరే రేఖ కాదా?" అని అడుగుతారు. "రేఖకి ముందూ వెనకా ఏంట్రా, t కి మైనస్ విలువలు కూడా వేస్తావు కదా" అంటే తల ఊపుతారు. (−2, 2, −2) అంటే (1, −1, 1) ని −2 తో గుణించిందే. బిందువు ఒకటే అయితే రేఖా ఒకటే. దిశల మధ్య ఇలాంటి అనుమానం వస్తే వాటి క్రాస్ ప్రోడక్ట్ చేయండి. అన్ని అంశాలూ సున్నా అయితే రెండూ ఒకే దిశ, లేదా సరిగ్గా ఎదురు దిశ.

ఎ లోని (1, 1, 1) ఊరికే వచ్చింది కాదు. L1, L2 దిశల క్రాస్ ప్రోడక్ట్‌ను నిర్ధారకంతో, అంటే అందరూ డిటర్మినెంట్ అనే పద్ధతిలో చేస్తే, మొదటి అంశం 2×(−1) − 1×1 = −3. మధ్య అంశానికి 1×(−1) − 1×2 = −3 వస్తుంది, దాని ముందు మైనస్ పెట్టాలి కాబట్టి +3 అవుతుంది. చివరిది 1×1 − 2×2 = −3. అంటే (−3, 3, −3), దాన్ని −3 తో భాగిస్తే (1, −1, 1). మధ్యలో ఆ మైనస్ మర్చిపోయినవాళ్లకి (−3, −3, −3) వస్తుంది, అదే (1, 1, 1). ప్రశ్న తయారుచేసేవాళ్లు ఈ మర్చిపోయే చోటును ముందే లెక్కేసుకుని దానికో ఆప్షన్ సిద్ధం చేస్తారు. మీ తప్పుడు జవాబు ఆప్షన్లలో కనిపించింది కదా అని అది సరైనదైపోదు. క్రాస్ చేసిన ప్రతిసారీ వచ్చినదాన్ని అసలు వెక్టర్లు రెండింటితోనూ డాట్ చేస్తే రెండు సున్నాలు రావాలి. నోటిలెక్కకు పది సెకన్ల పని అది.

ఈ రెండు గుణకారాలూ ఇలా ఒకదాన్నొకటి తనిఖీ చేసుకోవడం వింతేమీ కాదు, పుట్టుకతోనే అవి కలిసి ఉన్నవి. డబ్లిన్‌లో 1843లో హామిల్టన్ క్వాటెర్నియన్లు కనిపెట్టినప్పుడు రెండు వెక్టర్ల గుణకారం ఒకే ముక్కగా ఉండేది. అందులో సంఖ్యగా వచ్చే భాగం డాట్ ప్రోడక్ట్‌కు మైనస్ పెట్టినది, వెక్టర్‌గా వచ్చే భాగం క్రాస్ ప్రోడక్ట్. అమెరికాలోని యేల్‌లో పాఠాలు చెప్పిన గిబ్స్ 1880లలో తన విద్యార్థుల కోసం అచ్చువేయించిన నోట్సులో ఈ రెండింటినీ విడివిడి గుణకారాలుగా నిలబెట్టాడు. విడిపోయినా చుట్టరికం మిగిలింది. డాట్ వర్గం, క్రాస్ పొడవు వర్గం కలిపితే రెండు వెక్టర్ల పొడవుల వర్గాల లబ్ధం రావాలి. మన లెక్కలో డాట్ 2 + 2 − 1 = 3, వర్గం 9. క్రాస్ పొడవు వర్గం 9 + 9 + 9 = 27. మొత్తం 36. దిశల పొడవుల వర్గాలు 6, 6, వాటి లబ్ధమూ 36. సరిపోయింది. లంబంగా ఉంటూనే పొడవు తప్పిన క్రాస్ ప్రోడక్ట్ డాట్ పరీక్షకు దొరకదు, దీనికి దొరుకుతుంది. మొత్తం గుర్తు తిరగబడితే మాత్రం ఈ రెండూ పట్టుకోలేవు. మన పనికి దాంతో నష్టం లేదు.

ఇక తాకడం సంగతి. ఒక రేఖ ఇంకో రేఖను తాకాలంటే ముందు రెండూ ఒకే తలంలో ఉండాలి. దాన్ని తేల్చడానికి ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు వెక్టర్ గీసి, రెండు దిశల క్రాస్ ప్రోడక్ట్‌తో దాన్ని డాట్ చేయాలి. ఈ మూడు వెక్టర్ల లబ్ధాన్ని పిల్లలు బాక్స్ ప్రోడక్ట్ అంటారు. మూడు వెక్టర్లతో కట్టిన పెట్టె ఘనపరిమాణం అది. పెట్టె చదునైపోతే ఘనపరిమాణం సున్నా, అంటే మూడూ ఒకే తలంలో ఉన్నట్టు.

ప్రతి ఆప్షన్‌కీ దీన్ని మళ్లీ మళ్లీ చేయక్కర్లేదు. మిగిలిన మూడు ఆప్షన్ల దిశా ఒకటే కాబట్టి క్రాస్ ప్రోడక్ట్ ఒకసారి చేసి పెట్టుకుంటే అన్నింటికీ పనికొస్తుంది. (1, −1, 1) ని L1 దిశ (1, 2, 1) తో క్రాస్ చేస్తే (−3, 0, 3), చిన్నది చేస్తే (−1, 0, 1). అలాగే L2 దిశ (2, 1, −1) తో క్రాస్ చేస్తే (0, 3, 3), అంటే (0, 1, 1).

ఇప్పుడు ఆప్షన్‌లోని బిందువు (x, y, z) అనుకుందాం. L1 మీది (1, 1, 0) నుంచి దాని దాకా వెక్టర్ (x − 1, y − 1, z). దీన్ని (−1, 0, 1) తో డాట్ చేసి సున్నాతో సమానం చేస్తే మిగిలేది z = x − 1. L2 మీది (6, 2, 2) నుంచి వెక్టర్ (x − 6, y − 2, z − 2). (0, 1, 1) తో డాట్ చేస్తే y + z = 4. అంతే. ఇంత పెద్ద ప్రశ్న రెండు చిన్న షరతులకు దిగింది. మొదటిది నెరవేరితే ఆ ఆప్షన్ L1 ని తాకుతుంది, రెండోది నెరవేరితే L2 ని తాకుతుంది.

బి బిందువు (3, 2, 2). z = 2, x − 1 కూడా 2. y + z = 4. రెండూ కుదిరాయి, బి సరైనది. సి బిందువు (1, 1, 0). మొదటి షరతు కుదిరింది, కుదరకేం చేస్తుంది, ఆ బిందువు L1 మీదే ఉంది కదా. y + z మాత్రం 1, నాలుగు కావాలి. సి పోయింది. గోడ మీది పెన్సిల్ గీత ఇదే: దిశ సరే, ఒక అంచు సరే, రెండోది అందలేదు. డి బిందువు (6, −1, 5). z = 5, x − 1 = 5. y + z = 4. డి కూడా సరైనదే.

చదువరికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. (3, 2, 2), (6, −1, 5) రెండూ వేరువేరు బిందువులు, L1 మీదా లేవు, L2 మీదా లేవు. మరి రెండు ఆప్షన్లూ ఎలా సరైనవి? రెండూ ఒకే రేఖ మీద ఉన్నాయి కాబట్టి. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే (3, −3, 3), అది (1, −1, 1) కి మూడు రెట్లు. కావాలంటే పాత పద్ధతిలో పాదాలు కూడా కనుక్కోవచ్చు. L3, L1 ని (2, 3, 1) దగ్గర, L2 ని (4, 1, 3) దగ్గర ఖండిస్తుంది. బి బిందువు ఈ రెండింటికీ సరిగ్గా నడిమధ్య ఉంది. డి బిందువు L2 ని దాటి అవతల ఉంది. పాదాల దగ్గర మొదలుపెట్టి రాసిన ఆప్షన్ కోసమే వెతికేవాళ్లు ఈ రెండింటినీ వదిలేస్తారు. పైగా L1 మీది పాదం (2, 3, 1) ని తప్పుడు దిశతో జోడించి ఎ లో పెట్టారు కదా, పాదం గుర్తుపట్టి మురిసిపోయినవాళ్లు దాన్ని పట్టుకుంటారు. ఎ బిందువుకు రెండు షరతులూ నెరవేరతాయి, చూసుకోండి. దాన్ని ఓడించేది దిశ ఒక్కటే. సి దీనికి సరిగ్గా తలకిందులు, దిశ నెగ్గుతుంది, స్థానం ఓడుతుంది. ఏ ఒక్క పరీక్షతో ఆగిపోయినా ఒక తప్పు ఆప్షన్ లోపలికి వస్తుంది.

ఇదే లెక్కకు కొనసాగింపుగా రెండు రేఖల మధ్య కనిష్ఠ దూరం అడుగుతుంటారు. (1, 1, 0) నుంచి (6, 2, 2) కి వెక్టర్ (5, 1, 2). లంబ దిశ (1, −1, 1) తో డాట్ చేస్తే 6. దాన్ని ఆ దిశ పొడవు √3 తో భాగిస్తే 2√3. పాదాల మధ్య వెక్టర్ (2, −2, 2), దాని పొడవు √12, అదీ 2√3 యే. ఇక్కడ ఒక జాగ్రత్త. సున్నా పరీక్షల్లో వెక్టర్లను ఇష్టమొచ్చినట్టు చిన్నవి చేసుకున్నాం, −3 తో భాగించాం, ఏమీ కాలేదు, సున్నాను ఎంతతో భాగించినా సున్నాయే కాబట్టి. దూరం దగ్గర ఆ స్వేచ్ఛ లేదు. పైన (−3, 3, −3) తో డాట్ చేసి 18 తెచ్చుకుని, కింద (1, −1, 1) పొడవు √3 పెడితే జవాబు మూడింతలు అవుతుంది. పైనా కిందా ఒకే వెక్టర్ వాడాలి. 6√3 అనే ఆప్షన్ ఎందుకు ఉందా అనిపిస్తే కారణం ఇదే.

బాక్స్ ప్రోడక్ట్ సున్నా అయితే తాకినట్టే అన్న మాట మన లెక్కలో నిలిచింది, ఎందుకంటే దిశలు లంబమని ముందే తేల్చుకున్నాం. లంబంగా ఉన్న రేఖలు ఒకే తలంలో ఉంటే కలవక తప్పదు. ఆ లంబం షరతు లేకుండా కేవలం "L1 ని ఖండించే రేఖలేవి" అని అడిగితే ఈ మాట మోసం చేస్తుంది. మూలబిందువు గుండా (2, 4, 2) దిశలో పోయే రేఖను తీసుకోండి. దాని దిశ L1 దిశకు రెట్టింపు, కాబట్టి రెండు దిశల క్రాస్ ప్రోడక్ట్ సున్నా, బాక్స్ ప్రోడక్ట్ కూడా సున్నా. అయినా అది L1 ని ఎక్కడా తాకదు, పక్కనే సమాంతరంగా పోతుంది. అది L1 తో ఏకమవుతోందో లేదో చూడాలంటే బిందువుల మధ్య వెక్టర్‌ను, ఇక్కడ (−1, −1, 0) ని, (1, 2, 1) తో క్రాస్ చేయాలి. (−1, 1, −1) వచ్చింది, సున్నా కాదు, కాబట్టి వేరే రేఖే. అందుకే ఖండన ప్రశ్నల్లో బాక్స్ కంటే ముందు దిశల క్రాస్ ప్రోడక్ట్ చూడాలి.

అసలు రేఖలు రెండూ సమాంతరమైతే ఇంకో చిక్కు. L2 దిశ (2, 1, −1) కి బదులు (1, 2, 1) అనే ఇచ్చారనుకోండి, బిందువు (6, 2, 2) అలాగే ఉంది. దిశల క్రాస్ ప్రోడక్ట్ (0, 0, 0) అవుతుంది, లంబ దిశ చేతికి రాదు. చాలామంది ఇక్కడ చేతులెత్తేస్తారు. ఆప్షన్లను పరీక్షించే మూడు ప్రశ్నలు మాత్రం అప్పుడూ పనిచేస్తాయి: లంబమేనా, L1 ని తాకుతుందా, L2 ని తాకుతుందా. దిశే కావాలంటే రెండు క్రాస్‌లు చేయాలి. (1, 2, 1) ని (5, 1, 2) తో క్రాస్ చేస్తే (3, 3, −9), అంటే (1, 1, −3). ఇది రెండు రేఖలూ ఉన్న తలానికి లంబం. దీన్ని మళ్లీ (1, 2, 1) తో క్రాస్ చేస్తే (7, −4, 1). L1 దిశతో డాట్ 7 − 8 + 1 = 0. ఈ దిశలో రెండు రేఖల్నీ కలిపే లంబ రేఖలు ఒకటి కాదు, నిచ్చెన మెట్లలా లెక్కలేనన్ని ఉంటాయి. అప్పుడు రెండు ఆప్షన్లు ఒకే రేఖ కాకపోయినా రెండూ సరైనవి కావచ్చు. అవి ఒకే రేఖో కాదో తేల్చుకునే పనిలో సమయం పోగొట్టుకోకుండా దేని పరీక్ష దానికి చేసి టిక్కు పెట్టుకోవచ్చు.